మళ్లీ తిరగబెట్టకముందే: బైపోలార్ ఉన్న ఇంట్లో గుర్తుల కాగితం రాసుకోవడం, గొడవ లేకుండా దాన్ని వాడుకోవడం

బైపోలార్ డిజార్డర్ అంటే మనిషిని కొన్నాళ్లు మేనియా అనే హద్దుమీరిన హుషారు, కొన్నాళ్లు డిప్రెషన్ అనే కుంగుబాటు పట్టుకునే జబ్బు. అది ఉన్న మనిషికి మేనియా తిరగబెట్టే వారంలో ఆ ఇంట్లో అందరి నోటా వినిపించే ప్రశ్న ఒకటుంది: "మందు వేసుకున్నావా?" అడిగేవారు ఆదుర్దాతోనే అడుగుతారు. వినేవారికి మాత్రం అది నిందలా తగులుతుంది. కాస్త గట్టిగా నవ్వినా అదే ప్రశ్న, జీతం పెంచమని యజమానిని అడుగుతానన్నా అదే ప్రశ్న. నాలుగైదు నెలలు ఇలా గడిచేసరికి ఆ మనిషి ఒక విద్య నేర్చుకుంటాడు. తెల్లవారుజాము మూడింటికి మెలకువ వస్తే లైటు వేయడు, దుప్పటి కింద ఫోను చూసుకుంటాడు. పొద్దున "బాగా నిద్రపట్టింది" అంటాడు. గొడవలు పడే ఇంట్లో జబ్బు గుర్తులు తగ్గవు, కంటికి కనిపించడం మానేస్తాయి.

అందుకే ముందస్తు గుర్తులు పట్టడం, గొడవ లేకుండా మాట్లాడడం అనే రెండింటినీ విడివిడిగా నేర్పితే ఫలితం ఉండదు. మొదటిది పనిచేయాలంటే రెండోది ఉండాలి. ఇక్కడ ఆ రెండింటినీ ఒకే ఇంటి కథలో చూపిస్తాను. ఆ ఇల్లు హన్మకొండలో ఉందనుకోండి. నేను కూర్చుని పనిచేసిన కొన్ని కుటుంబాల వివరాలు కలిపి, గుర్తుపట్టలేనంతగా మార్చి చెబుతున్నాను. అబ్బాయికి 29 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమస్తా. ఇంట్లో భార్య, తల్లి, తండ్రి, అన్న ఉన్నారు. అబ్బాయి బైపోలార్‌కు ఇచ్చే లిథియం మాత్రలు వాడుతున్నాడు. కిందటి ఏడాది ఉగాది మర్నాడు మేనియాతో ఆసుపత్రిలో చేర్చారు.

దీని వల్ల ఎంత మేలు ఆశించవచ్చో ముందే చెప్పుకుందాం. 1999లో ఇంగ్లండ్‌లో 69 మందిపై జరిగిన ఒక పరిశోధనలో, తమ గుర్తులు తాము పట్టి వెంటనే వైద్యం అందుకోవడం నేర్చుకున్నవారికి మేనియా తిరగబెట్టడం బాగా ఆలస్యమైంది. డిప్రెషన్ విషయంలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. 2003లో అమెరికాలో డేవిడ్ మిక్లోవిట్జ్ బృందం 101 మందిపై చేసిన పరిశోధనలో, మందులతో పాటు కుటుంబమంతా తొమ్మిది నెలల్లో 21 సార్లు కూర్చుని శిక్షణ పొందినవారికి తిరగబెట్టడం తగ్గింది. రెండు చోట్లా మందులు ఆపలేదు. ఈ గుర్తుల కాగితం మందుకు తోడుగా పనిచేసేదే, మందు బదులు కాదు.

మొదటి మెట్టు: ఎప్పుడు కూర్చోవాలి, ఎవరెవరు

ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో కూర్చోవద్దు. అప్పుడు అబ్బాయికి మందుల మత్తు, సిగ్గు, ఇంట్లోవారికి అలసట. మేనియా దిగిన వెంటనే చాలామందికి డిప్రెషన్ పట్టుకుంటుంది కూడా. ఆ స్థితిలో పాత విషయాలు తవ్వితే అది విచారణలా ఉంటుంది. నిద్ర, తిండి, పని దాదాపు మామూలయ్యాక, ఒకటి రెండు నెలల తరువాత కూర్చోవడం మేలు.

అందరూ అక్కర్లేదు. అబ్బాయి, భార్య, ఇంకొకరు చాలు. ఆ మూడో మనిషి ఎవరన్నది అబ్బాయే చెప్పాలి. మన కథలో అతను తల్లిని ఎంచుకున్నాడు. అన్న నొచ్చుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లిందీ, డబ్బు కట్టిందీ ఆయనే మరి. అయినా అబ్బాయి ఎంపికనే ఉంచాము. అన్నకు వేరే పని అప్పగించాము, అది తరువాత వస్తుంది.

రెండో మెట్టు: ఆసుపత్రి రోజు నుంచి వెనక్కి నడవడం

"నీకు జబ్బు ఎలా మొదలవుతుంది?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి వెనక్కి అడుగుతూ వెళితే చాలా వరకు దొరుకుతుంది. తేదీలు గుర్తుండవు కానీ పండుగలు గుర్తుంటాయి. గోడమీది క్యాలెండర్ కిందకు దించి బల్ల మీద పెట్టండి.

ఉగాది రోజు దుకాణంలో ఒక రైతుతో తూకం మీద గొడవపడి చొక్కా చించుకున్నాడు. అది అందరికీ గుర్తుంది. దానికి ముందు వారం? సొంతంగా కోల్డ్ స్టోరేజీలో వాటా తీసుకుంటానని ఎవరికో అడ్వాన్సు ఇచ్చాడు. హోలీ నాడు? రంగులు ఆడి వచ్చి, మధ్యాహ్నం పడుకోకుండా మిత్రులకు వరసగా ఫోన్లు చేశాడు. పదో తరగతి తరువాత మాట్లాడని వారికి కూడా. దానికి ముందు? ఇక్కడ భార్య ఆగి ఆలోచించి చెప్పింది: "శివరాత్రికి వేయి స్తంభాల గుడిలో జాగారం చేసి వచ్చారు. ఆ తరువాత మూడు నాలుగు రోజులు రాత్రి మూడింటికే లేచి లెక్కలు రాసుకున్నారు. మిర్చి సీజన్ కదా, పని ఎక్కువైందనుకున్నాను."

శివరాత్రి నుంచి ఉగాదికి నెల రోజులు. అంటే ఇల్లు గమనించింది చివరి వారాన్ని, జబ్బు కదిలింది నాలుగు వారాల ముందు. చాలామందిలో మేనియా ఇలాగే వారాల ముందు నుంచి జాడలు వేస్తూ వస్తుంది. రాత్రంతా మేలుకోవడం బైపోలార్ ఉన్నవారిలో మేనియాను రెచ్చగొట్టే బలమైన కారణాల్లో ఒకటి. అది జాగారం కావచ్చు, పెళ్లి కావచ్చు, సింగరేణిలో నైట్ షిఫ్టు కావచ్చు, మేడారం జాతర ప్రయాణం కావచ్చు.

వెనక్కి నడిచేటప్పుడు అబ్బాయిని ఒక ప్రశ్న విడిగా అడగాలి: "బయటికి ఎవరికీ కనిపించక ముందు నీకు లోపల ఏమనిపించింది?" అతను చెప్పిన జవాబు తల్లికి కొత్త. "మిరపకాయల ఎరుపు ఎప్పుడూ లేనంత అందంగా కనిపించింది. ఎదుటివారు మాట ముగించక ముందే వాళ్లేమంటారో నాకు తెలిసిపోయేది." ఇలాంటి గుర్తు ఇంట్లోవారు ఎంత చూసినా దొరకదు. అది అతని దగ్గరే ఉంటుంది, అతనికి ఇంటి మీద నమ్మకం ఉంటేనే బయటికి వస్తుంది.

మూడో మెట్టు: కాగితం రాయడం

ఒక పేజీ చాలు. మేనియాకు మూడు నాలుగు గుర్తులు, డిప్రెషన్‌కు మూడు. అతని మాటల్లోనే రాయాలి. "చిరాకు పెరగడం" అని రాస్తే పనికిరాదు, చిరాకు లేని ఇల్లు ఎక్కడుంది? లెక్కపెట్టగలిగేలా, ఇద్దరు చూస్తే ఇద్దరూ ఒప్పుకునేలా ఉండాలి. మేనియాకు వాళ్లు రాసుకున్నవి ఇవి:

ఐదు గంటల కంటే తక్కువ పడుకుని, పొద్దున అలసట లేకపోవడం.
ఏళ్లుగా మాట్లాడనివారికి ఒకేరోజు వరసగా ఫోన్లు చేయడం.
కొత్త వ్యాపారం మాట, దానికి డబ్బు మాట ఒకే రోజు రావడం.
రంగులు మరీ మెరుస్తున్నట్టు అనిపించడం (ఇది నేనే చెబుతాను).

మొదటి గుర్తులో రెండో సగం చాలా ముఖ్యం. సీజన్‌లో తెల్లవారకముందే లారీలు వస్తాయి, గుమస్తాకు నిద్ర తగ్గడం మామూలే. నాలుగు గంటలు పడుకుని మర్నాడు కూర్చున్న చోటే కునుకు తీస్తుంటే అది పని అలసట. నాలుగు గంటలే పడుకుని, పది గంటలు పడుకున్నవాడిలా హుషారుగా ఉంటే అది గుర్తు. మేనియాలో నిద్ర పట్టకపోవడం కాదు, నిద్ర అవసరమే తగ్గిపోతుంది. ఈ తేడా తెలియకే ఎన్నో ఇళ్లలో మూడు వారాలు పోతాయి.

కాగితం వెనక్కి తిప్పి, గుర్తులు కానివి రాయండి. చాలామంది ఈ పని వదిలేస్తారు. నా లెక్కలో కాగితంలో సగం బలం ఇక్కడే ఉంది. అబ్బాయి పుట్టుకతోనే గట్టిగా మాట్లాడేవాడు. క్రికెట్ మ్యాచ్ ఉంటే కేకలు పెడతాడు. అన్నతో రాజకీయాలు వాదిస్తాడు. నెలకోసారి మిత్రులతో సినిమాకు వెళ్లి అర్ధరాత్రి వస్తాడు. ఇవన్నీ వెనక రాసి, "వీటి గురించి మందు మాట ఎత్తకూడదు" అని కింద రాశారు. కోపం వచ్చే హక్కు, సంతోషపడే హక్కు తనకు మిగిలాయని అతనికి కాగితం మీద కనిపించింది. ఆ రోజు తరువాత అతను నిద్ర గంటలు దాచడం తగ్గించాడు.

ప్రతి గుర్తు పక్కన ఏం చేయాలో కూడా ఉండాలి. వీళ్లు డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకున్న హద్దులు ఇలా ఉన్నాయి: ఒక గుర్తు ఒక్క రాత్రి కనిపిస్తే ఆ రోజు నిద్ర చక్కదిద్దుకోవాలి. నిద్ర గుర్తు వరసగా రెండు రాత్రులు ఉన్నా, రెండు వేర్వేరు గుర్తులు కలిసినా అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఇవి వాళ్ల హద్దులు. మీ ఇంటి హద్దులు మీ డాక్టర్‌తో కలిసి పెట్టుకోండి.

డబ్బు సంగతి కూడా ఇప్పుడే ఒప్పుకోవాలి. గుర్తులు వచ్చినప్పుడు ఫోనులో డబ్బు పంపే పరిమితిని తగ్గిస్తానని అబ్బాయే రాశాడు. మేనియా ఎక్కాక కార్డు లాక్కుంటే అది దౌర్జన్యం, బాగున్నప్పుడు రాసిచ్చిన మాటను గుర్తుచేస్తే అది ఒప్పందం.

నాలుగో మెట్టు: ఒకరే, ఒకసారి, ఒక్క గుర్తు

గుర్తు కనిపించిన రోజు ఇల్లంతా తలో మాట అనడం మొదలుపెడుతుంది. ఇదే అన్నిటికంటే చెడ్డది. మాట్లాడేది ఒక్కరే అని కాగితం మీద పేరు రాయండి. ఇక్కడ భార్య. ఆమె లేనప్పుడు తల్లి.

కిందటి ఏడాది అన్న ఏమన్నాడో చూడండి: "మళ్లీ మొదలైందా నీ పిచ్చి? బాపు బీపీ చూడు, మా పరువు చూడు. మందు మింగడం లేదు కదూ?" మూడు వాక్యాల్లో జబ్బు పేరుతో అవమానం, తండ్రి ఆరోగ్యం బరువు, అబద్ధం చెబుతున్నావన్న ఆరోపణ ఉన్నాయి. ప్రేమ లేక అన్నాడా అంటే కాదు. కానీ ఆ మూడింటిలో ఏ ఒక్కదానికీ అబ్బాయి శాంతంగా జవాబు చెప్పలేడు. ఇలాంటి విమర్శ, శత్రుత్వం, హద్దుమీరిన కాపలా ఎక్కువగా ఉన్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని పరిశోధనలు చాలా కాలంగా చెబుతున్నాయి. ఇంట్లోవారి మాటే జబ్బుకు కారణమని దీని అర్థం కాదు. జబ్బు ఇంటిని రెచ్చగొడుతుంది, ఇల్లు జబ్బును రెచ్చగొడుతుంది.

భార్య నేర్చుకున్న మాట ఇది. పక్కన ఎవరూ లేనప్పుడు, టీవీ ఆపి, కూర్చుని: "నిన్న, మొన్న నాలుగు గంటలే పడుకున్నారు. పొద్దున అలసట లేదన్నారు. నాకు భయంగా ఉంది. మన కాగితం ప్రకారం ఈ రోజు డాక్టర్‌కు ఫోన్ చేద్దామా? మీరు మాట్లాడతారా, నన్ను చేయమంటారా?" చూసింది చెప్పింది, తనకేమనిపించిందో చెప్పింది, ఒక్క పని అడిగింది, రెండు దారులు ఇచ్చింది. అక్కడితో ఆగిపోయింది. ఆగడమే కష్టం. నిశ్శబ్దం భరించలేక "కిందటిసారి కూడా ఇలాగే..." అని మొదలుపెడితే అంతా పోతుంది.

అబ్బాయి వెంటనే ఒప్పుకోడు. "నాకేం కాలేదు, నువ్వు నన్ను నిఘా పెట్టి చూస్తున్నావు" అంటాడు. అప్పుడు వాదించకుండా అతని మాట అతనికే తిరిగి వినిపించాలి: "నేను మిమ్మల్ని కనిపెట్టుకుని ఉంటున్నట్టు అనిపిస్తోంది, అది చిరాకు తెప్పిస్తోంది. అర్థమైంది. కాగితం ఒకసారి చూద్దామా?" ఇది లొంగిపోవడం కాదు. కోపం విన్నారని తెలిస్తే సగం దిగుతుంది, దిగాక కాగితం చూడగలడు.

ఆమె ఒక మాట, అతను ఒక మాట, మళ్లీ ఆమె ఒక మాట. అక్కడికీ తేలకపోతే ఆపేయాలి. "పావుగంట తరువాత మాట్లాడదాం, టీ పెడతాను" అని లేవాలి. ఇది తప్పించుకోవడం కాకుండా ఉండాలంటే పావుగంట తరువాత నిజంగా మళ్లీ కూర్చోవాలి. గొంతు పెరుగుతోందా, అదే వాక్యం మూడోసారి వస్తోందా, పాత సంవత్సరాల పేర్లు వస్తున్నాయా అని చూసుకుంటే ఆపాల్సిన సమయం తెలుస్తుంది.

తల్లికి వేరే సమస్య. ఆమె తిట్టదు. గంటకోసారి గది తలుపు తీసి చూస్తుంది, అన్నం కలిపి నోట్లో పెట్టబోతుంది. 29 ఏళ్ల మగవాడికి అది తిట్టు కంటే తక్కువేమీ కాదు. ఆమెతో ఒప్పందం చిన్నది: రోజుకు ఒకసారి "ఎలా ఉన్నావు బిడ్డా?" అని అడగడం, చెప్పినది వినడం, అంతే. అన్నకు అప్పగించిన పని: దుకాణం యజమానితో సెలవు మాట్లాడడం, అవసరమైతే బండి సిద్ధంగా ఉంచడం. నోటికి పని తగ్గించి చేతికి పని ఇచ్చాక ఆయన కూడా నెమ్మదించాడు.

ఇంకో మాట. ఏదైనా చేయమని అడగడం నేర్చుకోవాలంటే మంచి రోజుల్లోనే సాధన చేయాలి. "ఇల్లంతా చెత్త చేస్తావు" అనే బదులు "భోజనం అయ్యాక కంచం తీస్తే నాకు సాయంగా ఉంటుంది" అనడం. మేనియా వారంలో మొదటిసారి ఇలా మాట్లాడితే నాటకంలా వినిపిస్తుంది.

ఐదో మెట్టు: మొదటి రెండు రోజులు

మొదట నిద్ర. రాత్రి పదికి లైట్లు, ఫోను ఆపడం, సాయంత్రం తరువాత టీ మానడం, కల్లు, మద్యం పూర్తిగా మానడం, దుకాణానికి సెలవు, చుట్టాల రాకపోకలు ఆపడం. పెళ్లి ఉంటే ముఖం చూపించి రాత్రికి ఇంటికి రావడం. డాక్టర్ ముందే రాసిచ్చిన అత్యవసర మాత్ర ఉంటే చెప్పిన మోతాదులోనే వాడాలి. ఇంట్లో సొంత నిర్ణయంతో మోతాదు పెంచకూడదు, ఆపకూడదు. గుడికి, దర్గాకు వెళ్లాలని తల్లి అంటే అడ్డుపడనక్కర్లేదు, మందు, నిద్ర ఆగకుండా ఉంటే చాలు.

లిథియం వాడేవారికి వరంగల్ ఎండలు ప్రత్యేక విషయం. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మార్కెట్ యార్డులో పనిచేసేవారు నీళ్లు తాగుతూ ఉండాలి, ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు. తలనొప్పి, ఒంటినొప్పులకు మందుల దుకాణంలో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా లిథియంను పెంచుతాయి. పారాసిటమాల్‌తో ఆ ఇబ్బంది లేదు. లిథియం ఎంతుందో చూసే రక్తపరీక్ష చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. దీర్ఘకాలం వాడేవారిలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు, విరేచనాలు కనిపిస్తే తరువాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దాన్ని మేనియా అనుకునో, వడదెబ్బ అనుకునో ఇంట్లో ఉండకూడదు.

ఆరో మెట్టు: మాటలు ఆపాల్సిన చోటు

రాత్రంతా నిద్ర లేకుండా రోజులు గడవడం, ఎవరో వెంటపడుతున్నారనడం, తిండి మానేయడం, చేయి చేసుకోవడం, చావు మాట. ఇక్కడ కాగితం పని అయిపోయింది. చావు మాట వస్తే సూటిగా అడగండి: "చనిపోవాలని అనిపిస్తోందా? ఎలా అని ఆలోచించావా?" అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. పొలం ఉన్న ఇల్లయితే పురుగుల మందు డబ్బాలు ఇంటి నుంచి తీసేయండి, మాత్రలు ఇంకొకరి దగ్గర ఉంచండి, మనిషిని ఒంటరిగా వదలకండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయమైతే 108, దాడి అయితే 112. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. గొడవ తగ్గించి మాట్లాడడం అంటే దెబ్బలు తినడం కాదు. భార్య పిల్లలతో వేరే గదిలోకి, వేరే ఇంట్లోకి వెళ్లడం తప్పు కాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బు ఎక్కువైనప్పుడు తన తరఫున ఎవరు నిలబడాలో ముందే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి నామినేట్ చేయవచ్చు. కాగితం రాసే రోజునే ఇదీ రాయించండి. మన అబ్బాయి భార్య పేరు రాశాడు.

మరుసటి సీజన్ ఎలా గడిచింది

శివరాత్రికి అతను సాయంత్రం దర్శనం చేసుకుని రాత్రి పదిన్నరకు పడుకున్నాడు. జాగారం తల్లి చేసింది. హోలీకి రెండు రోజుల ముందు వరసగా రెండు రాత్రులు నాలుగు గంటలే నిద్ర, పొద్దున హుషారు. భార్య నేర్చుకున్న మాట చెప్పింది. అతను మొదట కంచం తోసేశాడు. పావుగంట తరువాత తనే వచ్చి "రంగుల సంగతి కూడా ఉంది" అన్నాడు. అదే రోజు డాక్టర్ రాత్రి మందు మార్చారు, అన్న దుకాణంతో మాట్లాడి ఆరు రోజులు సెలవు ఇప్పించాడు. మేనియా దిగిపోయింది, ఆసుపత్రి అవసరం రాలేదు.

శ్రావణంలో మాత్రం డిప్రెషన్‌ను నెలన్నర ఎవరూ పట్టలేదు. గడ్డం గీసుకోవడం మానేశాడు, దుకాణం నుంచి ఫోన్ వస్తే ఎత్తడం మానేశాడు, నాలుగింటికే మెలకువ వచ్చి మంచం మీదే పడుకునేవాడు. సీజన్ అయిపోయింది, విశ్రాంతి తీసుకుంటున్నాడనుకున్నారు. తండ్రి అయితే బద్ధకం అన్నాడు. డిప్రెషన్ మెల్లగా, చప్పుడు లేకుండా వస్తుంది, దాని గుర్తులు మామూలు బద్ధకంలా ఉంటాయి, అందుకే పట్టడం కష్టం. వాళ్లు కాగితంలో రాసిన "దిగులుగా ఉండడం" అనే మాట ఎవరికీ పనికిరాలేదు. పైగా ఇంట్లో మిగిలిన పాత చీటీ చూపించి డిప్రెషన్ మాత్రలు కొనబోయారు. బైపోలార్‌లో ఆ మాత్రలు మనిషిని మేనియాలోకి తోసేసే ప్రమాదం ఉంది, డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టకూడదు. అదృష్టం, భార్య ముందు ఫోన్ చేసి అడిగింది.

ఆ తరువాత కాగితంలో దిగులు మాట కొట్టేసి ఇలా రాసుకున్నారు: మూడు రోజులు గడ్డం గీయకపోవడం, దుకాణం ఫోన్ రెండుసార్లు ఎత్తకపోవడం, నాలుగింటి మెలకువ వరసగా ఐదు రోజులు. వీటిలో రెండు కలిస్తే డాక్టర్‌కు ఫోన్. వెనక వైపు తండ్రి కోసం ఒక వాక్యం చేరింది: "బద్ధకం అనే మాట వాడకూడదు." ఏటా సంక్రాంతి తరువాత, మిర్చి రాక పెరగక ముందు, ఈ కాగితాన్ని మళ్లీ చదివి దిద్దుకుంటున్నారు.